రాత్రి భోజనం తర్వాత వేసుకున్న నిద్రమాత్ర పనిచేయడం లేదు, పొద్దున మాత్రం మత్తు వదలడం లేదు

శ్రీలత_రాయగడ
మా ఆయనకు 46 ఏళ్లు. మిల్లులో షిఫ్టు ఉద్యోగం. రెండు నెలల క్రితం డాక్టర్ గారు జోల్పిడెమ్ 10 మిల్లీగ్రాములు రాశారు. మొదటి పది రోజులు బాగానే పనిచేసింది. అప్పుడు సెలవులో ఉన్నారు, ఎనిమిదింటికల్లా తినేసేవారు. ఇప్పుడు రెండో షిఫ్టు. పదింటికి దిగి ఇంటికి వచ్చేసరికి పదిన్నర దాటుతుంది. స్నానం చేసి పదకొండుకు కూర్చుంటే అన్నం, పప్పు, వేపుడు, ఆదివారమైతే మటన్. పావుగంటలో తిని, పదకొండూ ఇరవైకి మాత్ర వేసుకుని పడుకుంటారు. ఒంటిగంట వరకు అటూ ఇటూ దొర్లడమే. పోయిన వారం రెండు రాత్రులు పన్నెండున్నరకు లేచి ఇంకో సగం మాత్ర వేసుకున్నారు.

ఆరుంబావుకు లేవాలి, పాపను ట్యూషన్‌కు దింపాలి. మొన్న గురువారం రైల్వే గేటు దగ్గర బండి ఆపి, గేటు ఎత్తాక కూడా అలాగే కూర్చుండిపోయారట. వెనకవాళ్లు హారన్ కొడితే పాప వీపు మీద తట్టి "నాన్నా, పద" అందట. అప్పటి నుంచి నాకు టెన్షన్. మందుల షాపులో అడిగితే "ఈ కంపెనీ మాల్ వీక్, ఇంకో కంపెనీది ఇస్తా" అంటున్నారు. మాత్ర నకిలీదేమో అని కూడా అనుమానం. ఎవరికైనా ఇలా జరిగిందా?

పర్లాకిమిడి_మావయ్య
అమ్మా, ఖాళీ కడుపున మాత్ర వేయకూడదు. మా ఇంట్లో ఏ మాత్రైనా అన్నం తిన్నాకే. లేకపోతే గ్యాస్, మంట. మీ ఆయన చేసేది సరైన పద్ధతే. కంపెనీ మార్చి చూడండి.

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
మావయ్య గారూ, నొప్పి మాత్రలకు మీరు చెప్పింది నిజం. అవి పొట్ట లోపలి పొరను దెబ్బతీస్తాయి, అందుకే అన్నం తర్వాత వేసుకోమంటాం. నిద్రమాత్రకు ఆ లెక్క వర్తించదు. జోల్పిడెమ్ డబ్బాలోని కాగితం మీదే, భోజనంతో గానీ భోజనం అయిన వెంటనే గానీ వేసుకుంటే నిద్ర ఆలస్యమవుతుందని రాసి ఉంటుంది. చాలామంది ఆ కాగితం తీసి పారేస్తారు.

శ్రీలత గారూ, నకిలీ అని ఇప్పుడే అనుకోకండి. అదే చీటీ, అదే మాత్ర సెలవు రోజుల్లో పనిచేసిందని మీరే చెప్పారు. మారింది భోజనం వేళ.

మాత్ర పొట్టలో కరుగుతుంది, కానీ రక్తంలోకి ఎక్కేది ఎక్కువగా చిన్న పేగు నుంచి. పొట్ట అడుగున ఒక గేటు లాంటి కండరం ఉంటుంది. నూనె, కొవ్వు ఉన్న తిండి చిన్న పేగులోకి కొంచెం దిగగానే, పేగు "ఆగు, నెమ్మదిగా పంపు" అని కబురు పెడుతుంది. గేటు బిగుసుకుంటుంది. కరిగిన మందు కూడా ఆ అన్నం, వేపుడుతో కలిసి పైనే ఆగిపోతుంది. మటన్ తిన్న రాత్రి ఇంకా ఎక్కువసేపు.

ఖాళీ కడుపున 10 మిల్లీగ్రాముల మామూలు మాత్ర వేసుకుంటే రక్తంలో మందు శిఖరానికి చేరేది సగటున గంటన్నర లోపే. భోజనం చేసిన ఇరవై నిమిషాలకు వేసుకున్నవాళ్లలో అది రెండుంబావు గంటలకు దగ్గరగా వెళ్లింది. పైగా శిఖరం కూడా పావువంతు తగ్గింది. అంటే రావడం ఆలస్యం, వచ్చినా మెల్లగా ఎక్కుతుంది. నిద్రమాత్ర ప్రభావం ఎక్కువగా ఆ ఎక్కడంలోనే తెలుస్తుంది. ఒక్కసారిగా ఎక్కితే కళ్లు మూతలు పడతాయి. మెట్టు మెట్టుగా ఎక్కితే మనిషి మగతగా ఉంటాడు గానీ నిద్రపోడు.

సిరొంచ_రవి
మా వైపు గోదావరి ఒడ్డున రాత్రి పదింటికి ముందు ఎవరూ తినరు. నేను నాలుగేళ్లుగా తినేసి గోళీ వేసుకుంటా, పావుగంటలో పడిపోతా. పొద్దున ఐదింటికి నడకకు పోతా. ఇదంతా మనసులో ఉంటుంది అని నా అభిప్రాయం.

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
రవి గారూ, పొట్టలు అందరివీ ఒకలా ఉండవు. నేను చెప్పినవి సగటు అంకెలు. మీరు ఏం తింటారో, ఎంత తింటారో చెప్పగలరా? జొన్నరొట్టె, కూర తిన్నవాడికీ, బిర్యానీ తిన్నవాడికీ తేడా ఉంటుంది.

సిరొంచ_రవి
రెండు రొట్టెలు, పప్పు. మాంసం నెలకోసారి. అయితే ఒకటి ఒప్పుకుంటా, పెళ్లి భోజనం తిన్న రాత్రి గోళీ వేసుకున్నా నిద్ర రాలేదు. ఊరు మారడం వల్ల అనుకున్నా.

కిరణ్_జయపురం
నాది కొంచెం వేరే కథ, కానీ ఇక్కడికే వస్తుంది. నాకు రాసింది నెమ్మదిగా విడుదలయ్యే రకం, అట్ట మీద సి.ఆర్. అని ఉంటుంది. ఆఫీసు పని మీద వారానికి రెండుసార్లు కోరాపుట్ వెళ్లాలి. ఘాట్ రోడ్డు అందరికీ తెలిసిందే. ఒక రోజు ముందురాత్రి ఫంక్షన్‌లో పదకొండుకు తిని, పదకొండున్నరకు మాత్ర వేసుకున్నాను. పొద్దున ఏడుకు బయలుదేరాను. మూడో వంపులో స్కూటర్ తెల్ల గీత దాటి అవతలికి వెళ్లిపోయింది. నాకు ఆ వంపు తిరిగినట్టే గుర్తు లేదు. ఎదురుగా లారీ లేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

తర్వాత డాక్టర్ గారు చెప్పారు, ఈ నెమ్మది రకానికి భోజనం దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుందట. మామూలుగా రెండు గంటలకు శిఖరం, తిండి మీద వేస్తే నాలుగు గంటలకు. నా లెక్కలో రాత్రి ఒంటిన్నరకు రావలసింది మూడున్నరకు వచ్చింది. ఏడుకు నేను ఘాట్‌లో ఉన్నాను.

లెక్కల_మాస్టారు_కోరాపుట్
మా నాన్నగారికి క్లోనజెపామ్ రాశారు. రాత్రి ఏడింటికే తింటారు, అదీ గంజి. అయినా మర్నాడు మధ్యాహ్నం దాకా తూలుతూనే ఉంటారు. కాబట్టి భోజనానికీ మత్తుకూ సంబంధం లేదని నా అనుభవం.

సుజాత_సిస్టర్_బరంపురం
మాస్టారూ, అది వేరే మందు. క్లోనజెపామ్ ఒక సగం ఒంట్లోంచి పోవడానికే ముప్పై, నలభై గంటలు పడుతుంది. రోజూ వేస్తుంటే నిన్నటిది ఉండగానే ఇవాళ్టిది చేరుతుంది. దానికి రాత్రి గంజి తిన్నా బిర్యానీ తిన్నా మర్నాటి మత్తులో పెద్ద తేడా రాదు. జోల్పిడెమ్ సగం పోవడానికి రెండున్నర గంటలు చాలు. అందుకే అక్కడ గంట ఆలస్యం కూడా తెలుస్తుంది. మీ నాన్నగారి వయసు ఎంత? తూలడం అంటే పడిపోయే ప్రమాదం ఉంది. ఈ సంగతి డాక్టర్‌కు ఫోన్‌లో అయినా ఇవాళే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఒక్కసారిగా ఆపేయకండి.

లెక్కల_మాస్టారు_కోరాపుట్
78. చెప్తాను, సిస్టర్. అయితే నాకు ఒక లెక్క కుదరడం లేదు. భాస్కర్ గారు తిండి వల్ల శిఖరం తగ్గుతుందన్నారు. మొత్తం ఒంటికి చేరే మందు కూడా తగ్గుతుందా? తగ్గితే పొద్దున మత్తు తగ్గాలి కదా, పెరగడమేమిటి?

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
మంచి ప్రశ్న. మొత్తం కూడా తగ్గుతుంది, మామూలు మాత్రకు సుమారు నూటికి 15.

లెక్కల_మాస్టారు_కోరాపుట్
అయితే లెక్క వేస్తాను. ఆలస్యం ముప్పావుగంట పైన కొంచెం. రెండున్నర గంటలకు సగం తగ్గే మందు అంత ఆలస్యంగా వస్తే, పొద్దున ఒకే సమయానికి మిగిలేది దాదాపు పావువంతు ఎక్కువ. అందులోంచి నూటికి 15 తీసేస్తే మిగిలే తేడా నూటికి ఆరు, ఏడు. ఇంత చిన్న తేడాకు మనిషి గేటు దగ్గర నిద్రపోడు. కిరణ్ గారి నెమ్మది రకంలో రెండు గంటల ఆలస్యం కాబట్టి అక్కడ తేడా గట్టిగానే వస్తుంది, అది ఒప్పుకుంటా. శ్రీలత గారి ఇంట్లో సమస్య మాత్రం ఇంకెక్కడో ఉంది.

సుజాత_సిస్టర్_బరంపురం
అదిగో, ఆ "ఇంకెక్కడో" శ్రీలత గారి మొదటి పోస్టులోనే ఉంది. పన్నెండున్నరకు వేసుకున్న సగం మాత్ర!

పదకొండూ ఇరవైకి వేసుకున్న మొదటి మాత్ర పన్నెండున్నరకు పనిచేయక కాదు, ఇంకా రాక. పెద్ద భోజనం కాబట్టి దాని శిఖరం ఒంటిన్నర ప్రాంతంలో. ఆయన పనిచేయలేదని ఇంకో 5 మిల్లీగ్రాములు వేశారు. రెండూ ఒంటిన్నర, రెండు మధ్య కలిశాయి. రాత్రికి 10 దాటకూడని మందు 15 అయింది. ఆరుంబావుకు లేచేసరికి రెండోదానికి ఆరు గంటలు కూడా నిండలేదు. ఈ మాత్ర వేసుకుంటే ఏడెనిమిది గంటలు మంచం మీద ఉండే వీలు ఉండాలి. ఆయన ఒంటిగంటకు నిద్రపోయి ఆరుంబావుకు లేస్తే ఐదుంబావు గంటల నిద్ర. అందులోనూ నిండు కడుపుతో పడుకుంటే పులితేన్పులు, గుండెల్లో మంటతో మధ్యలో మెలకువలు.

వార్డులో ఇదే చూస్తుంటాను. "మాత్ర పట్టలేదు, ఇంకోటి ఇవ్వండి" అని పన్నెండింటికి అడుగుతారు. ఇంటి నుంచి ఏం తెచ్చి తినిపించారని బంధువులను అడిగితే సగం సార్లు సమాధానం అక్కడే దొరుకుతుంది.

శ్రీలత_రాయగడ
సిస్టర్, ఇది చదివి చేతులు చల్లబడ్డాయి. గురువారం పొద్దున గేటు దగ్గర జరిగింది, బుధవారం రాత్రే సగం మాత్ర వేసుకున్నది. ఇప్పుడే క్యాలెండర్‌లో చూశాను, పాల లెక్క పక్కన నేనే రాసుకున్నాను. రెండో రాత్రి శనివారం, ఆదివారం పొద్దున పదింటిదాకా లేవలేదు.

పర్లాకిమిడి_మావయ్య
నేను తప్పు సలహా ఇచ్చాను, తల్లీ. ఏమనుకోకు. మరి నిద్రమాత్ర వేసుకునేవాడు రాత్రి తినకుండా పడుకోవాలా? షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఆకలి ఉండదా?

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
మావయ్య గారు అసలు చోటే పట్టుకున్నారు. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి వేసుకోమని చెప్పడం సులువు. పదకొండుకు తిని మూడు గంటలు ఆగితే రెండవుతుంది. అప్పుడు వేసుకోవడం ఇంకా ప్రమాదం. కాబట్టి జరపాల్సింది మాత్రను కాదు, పెద్ద భోజనాన్ని. రెండో షిఫ్టులో ఏడున్నర ప్రాంతంలో విరామం ఇస్తారు కదా? ఆ వేళకు క్యారేజీలో పూర్తి భోజనం పంపండి. ఇంటికి వచ్చాక కడుపు మాడకుండా ఏదైనా తేలికగా, నూనె లేకుండా.

పర్లాకిమిడి_మావయ్య
అయితే పఖాళ! ఒక గిన్నెడు చద్దన్నం, మజ్జిగ, ఉప్పు. పక్కన వేపుడు వద్దు. మా ఒడియా పొరుగువాళ్లు వేసవిలో అదే తిని హాయిగా పడుకుంటారు.

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
చిన్న గిన్నె అయితే పరవాలేదు. పెద్ద గంగాళం అయితే మళ్లీ మొదటికే.

గంజాం_బుజ్జి
మాత్రకు ముందు ఒక పెగ్గు వేస్తే త్వరగా పడుతుందని మా ఫ్రెండ్ అంటాడు. నిజమేనా?

సుజాత_సిస్టర్_బరంపురం
వద్దు బాబూ. రెండూ మెదడును ఒకే వైపు లాగుతాయి, ఊపిరి కూడా మందగిస్తుంది. సారా, బీరు, ఇప్పసారా ఏదైనా సరే, తాగిన రాత్రి మాత్ర వేయకూడదు. మీ ఫ్రెండ్‌కు ఈ మాట చూపించండి.

కిరణ్_జయపురం
ఇంకో సంగతి. మాత్ర వేశాక నిద్ర రాలేదని లేచి తిరగకండి. ఫంక్షన్ రాత్రి నేను పన్నెండున్నర దాకా వరండాలో ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి స్వీట్లు తిన్నానట, మా అమ్మతో పది నిమిషాలు మాట్లాడానట. ఒక్క ముక్క గుర్తు లేదు. స్టవ్ వెలిగించి ఉంటే ఏమయ్యేదో.

సుజాత_సిస్టర్_బరంపురం
కిరణ్ గారూ, ఇది మీ డాక్టర్‌కు చెప్పారా? నిద్రలో లేచి తినడం, నడవడం, బండి నడపడం కూడా ఈ మందుతో జరుగుతుందని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మందు కాగితంలో పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఒక్కసారి జరిగినా ఆ మందు మళ్లీ వేసుకోవద్దనే అందులో ఉంది.

కిరణ్_జయపురం
చెప్పలేదు. ఘాట్ సంగతి ఒక్కటే చెప్పాను. రేపే వెళ్తాను.

అనూరాధ_మల్కనగిరి
నాకు కూడా 10 రాశారు. పొద్దున పదింటి వరకు తల బరువు. నేను రాత్రి ఏడింటికే తింటాను, ఉపవాసం రోజుల్లో పండ్లే. అప్పుడూ అంతే. నాది భోజనం వల్ల కాదేమో.

భాస్కర్_ఫార్మసీ_గుణుపురం
కాకపోవచ్చు. ఆడవాళ్ల ఒంట్లోంచి ఈ మందు నెమ్మదిగా పోతుంది. 2013లో అమెరికాలో ఆడవాళ్లకు మామూలు మాత్ర మోతాదును 10 నుంచి 5కు తగ్గించారు, పొద్దున బండి నడిపేటప్పుడు ఇంకా మందు మిగిలి ఉంటోందనే కారణంతో. మీ చీటీ పట్టుకుని డాక్టర్‌ను ఆ ఒక్క మాట అడగండి. మామూలు రకమైతే గీత ఉన్న చోట విరవచ్చు. కిరణ్ గారి లాంటి నెమ్మది రకాన్ని మాత్రం విరవకూడదు, నమలకూడదు. పొర పగిలితే అంతా ఒక్కసారి వదులుతుంది.

శ్రీలత గారూ, కంపెనీ మారుస్తానన్న షాపు గురించి కూడా ఒక మాట. ఇది చీటీ లేకుండా అమ్మకూడని మందు. వీక్, స్ట్రాంగ్ అని కౌంటర్ దగ్గర తేల్చే విషయం కాదు.

శ్రీలత_రాయగడ
పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. డాక్టర్ గారి దగ్గరకు వెళ్లాం. క్యాలెండర్ కూడా తీసుకెళ్లి చూపించాం. అదనపు సగం మాత్ర గట్టిగా వద్దన్నారు. మోతాదు 5కు తగ్గించి, వారానికి నాలుగు రాత్రులకు మించి వేసుకోవద్దన్నారు.

క్యారేజీ మొదలుపెట్టాను. సాయంత్రం ఏడింటికి మా మరిది పట్టుకెళ్తాడు. మొదటి రెండు రోజులు ఆయన చిరాకు పడ్డారు. ఇంటికి వచ్చి వేడి అన్నం తినే అలవాటు పదిహేడేళ్లది. మూడో రోజు నుంచి రాగానే ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ. పదకొండుంబావుకు మాత్ర, లైటు తీసేయడం. పదకొండూ యాభైకి గురక వినపడింది, గడియారం చూసి రాసుకున్నాను. తర్వాతి రెండు రాత్రులు కూడా పన్నెండు లోపే. పాపను ట్యూషన్‌కు ఇప్పుడు నేనే దింపుతున్నాను, ఆయన ఏడున్నర దాకా పడుకుంటున్నారు. బండి ఎనిమిదిన్నర తర్వాతే ఇస్తున్నాను.

ఆదివారం మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. పదిన్నరకు మటన్, పూరీ. ఆయన మాత్ర వేసుకోబోతే నేను డబ్బా దాచేశాను. రెండింటికి గానీ నిద్రపోలేదు. కానీ సోమవారం పొద్దున మత్తు లేదు, నిద్ర చాలని అలసట మాత్రమే. రెండూ వేరు వేరుగా ఉంటాయని ఆ రోజే తెలిసింది. అలసట టీ తాగాక తగ్గింది. ఆ మత్తు అప్పట్లో రెండు టీలకూ తగ్గలేదు.

లెక్కల_మాస్టారు_కోరాపుట్
చాలా సంతోషం. అయితే మీరు ఒకేసారి మూడు మార్చారు: భోజనం వేళ, మోతాదు, లేచే వేళ. ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం. నాన్నగారి మందును కూడా డాక్టర్ మెల్లగా తగ్గిస్తున్నారు, నిన్న వరండాలో పట్టుకోకుండా నడిచారు.

శ్రీలత_రాయగడ
విడదీయకపోయినా పరవాలేదు మాస్టారూ, పాప బండి ఎక్కడానికి భయపడడం మానేస్తే నాకు చాలు. అది ఇంకా మానలేదు.

వచ్చే వారం మొదటి షిఫ్టు. నాలుగున్నరకు లేవాలి. రాత్రి ఎనిమిదింటికి తిన్నా, పదింటికి మాత్ర వేసుకున్నా ఆరున్నర గంటలే ఉంటాయి. ఆ వారం ఏం చేయాలి?

సుజాత_సిస్టర్_బరంపురం
ఆరున్నర గంటలు చాలవు. ఆ వారం మాత్ర పూర్తిగా ఆపాలా, సాయంత్రం ఏడింటికే తినేసి తొమ్మిదింటికి వేసుకోవాలా అన్నది నేను చెప్పలేను. షిఫ్టుల పట్టీ కాగితం మీద రాసి డాక్టర్ ముందు పెట్టండి. చాలామంది షిఫ్టుల సంగతి డాక్టర్‌కు చెప్పనే చెప్పరు.

పర్లాకిమిడి_మావయ్య
ఏడింటికి తింటే తొమ్మిదికి మళ్లీ ఆకలేస్తుంది, మజ్జిగ దగ్గర పెట్టుకో తల్లీ.

శ్రీలత_రాయగడ
పెట్టుకుంటాను మావయ్య గారూ. శుక్రవారం అపాయింట్‌మెంట్ దొరికింది. పట్టీ రాస్తున్నాను.